గోడ షాక్ కొడుతోంది

ఆ ఇంటి పెద్దకోడలు కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేసేది. మనిషి పొడుగు, మాట పొట్టి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల పెదవులు బిగించి మాట్లాడుతుందని దుకాణంలో వాళ్ళు నవ్వేవారు. భర్త ఆ పరాయి ఊళ్ళో సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లో వీళ్ళిద్దరితో పాటు ఉండేది అత్తగారొక్కతే. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లెక్కలేదు. అందుకని కింది అంతస్తు ఇంటి కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఈ వాటా పట్టుకున్నారు. వాకిట్లో మెట్టన్నదే లేదు. ముసలావిడ మొదటిరోజే కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని నాలుగు గదులూ తిరిగొచ్చి, "ఇక నన్ను ఇక్కణ్ణుంచి కదపకండి" అంది.

చిన్నకోడలు ఊరికి అవతలి వైపు ఉండేది. పెద్దాసుపత్రిలో దుబాసీ పని. అక్కడి డాక్టర్లకి తెలుగు రాదు, తెలుగు రోగులకి ఇంగ్లీషు రాదు. మధ్యలో నిలబడి ఇటుమాట అటు, అటుమాట ఇటు చేర్చడమే ఆమె ఉద్యోగం. తోడికోడళ్ళిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పింది చెప్పినట్టు చిన్నకోడలు అత్తగారి ముందే తెలుగులో అనేసింది: "మోకాలు మునుపటిలా వంగదు. కింద కూర్చోవడం ఇక కుదరదు." ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

"పరాయివాళ్ళకి చెప్పినట్టు మొహాన కొట్టాలా? కాస్త మెత్తగా చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నేను మెత్తగా చెప్తే అత్తయ్య కింద కూర్చోడానికి ప్రయత్నిస్తారు. పడతారు."

అంతే. ఆ తరవాత మంచికీ చెడ్డకీ అన్నదమ్ములే ఫోన్లు చేసుకునేవారు.

బాత్రూమ్ గోడ మీద మరక మొదట అరచేయంత ఉండేది. పైవాటా బాత్రూమ్ నించి నీళ్ళు దిగుతున్నాయని తెలుస్తూనే ఉంది. వానాకాలం ముగిసేసరికి మరక కొళాయి పైనుంచి వేడినీళ్ళ గీజరు మీట దాకా పాకింది. సున్నం పెచ్చులూడింది. ఒకరోజు పెద్దకోడలు తడిచేత్తో కొళాయి తిప్పబోతే వేళ్ళు జివ్వుమన్నాయి. చీమ కుట్టినట్టు, అంతే. భర్తకి చెప్పింది. అతను పొడిచేత్తో గోడంతా తడిమి, "ఏమీ లేదే. నీ చేతికి సూదులు గుచ్చుకుని గుచ్చుకుని తిమ్మిరెక్కి ఉంటుంది" అన్నాడు.

ఇంకోసారి కూడా జివ్వుమనేసరికి ఆమె ఇంటాయనకి కబురు పెట్టాలనుకుంది. ఇంటాయన మందుల షాపు నడిపి మానేసిన పెద్దమనిషి. తెలుగు ముక్క రాదు. వీళ్ళకి ఇంగ్లీషు అద్దె తారీకు చెప్పుకునేంత వరకే. ఆమె ఫోన్లో తెలుగులో రాసి, ఆ ఫోన్ చేతే ఇంగ్లీషు చేయించి పంపింది: "బాత్రూమ్ గోడ షాక్ కొడుతోంది. మేము ఎలాగో సర్దుకుంటున్నాం. మీ వీలు చూసుకుని బాగు చేయించగలరు."

మర్నాడే జవాబొచ్చింది. దాన్నీ ఫోన్ తెలుగు చేసిపెట్టింది. అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలట. వాతావరణం పొడిబారాక రంగులు వేయిస్తాడట.

"రంగులేంటి?" అంది పెద్దకోడలు. "రంగులడిగామా మనం?"

"పట్టించుకోడంలే, అంతే. గట్టిగా ఉత్తరం రాయాలి. దస్తూరీ, సంతకం, అన్నీ ఉండేలా," అన్నాడు డ్రైవరు. కాసేపాగి, గోడ వంక చూస్తూ, "మన చిన్నదుంది కదా, ఇంగ్లీషుకి" అన్నాడు.

ఆమె రెండ్రోజులు ఆ ఊసెత్తలేదు. మూడోరోజు దుకాణంలో సగం పూట సెలవు చెప్పి, కాగితం మీద ఉత్తరం రాసుకుని, ఆసుపత్రికి బస్సెక్కింది.

చిన్నకోడలు క్యాంటీన్లో ఒక్కతే టీ తాగుతోంది. ఎదురుగా తోడికోడల్ని చూసి లేచి నిలబడింది.

"అత్తయ్యకేమన్నా అయిందా అక్కా?"

"ఏం కాలేదు. ఒక ఉత్తరం ఇంగ్లీషు చెయ్యాలి. ఇంటాయనకి." కాగితం బల్ల మీద పెట్టి, ఎదురు కుర్చీలో అంచున కూర్చుంది. "తీరికుంటేనే."

చిన్నకోడలు కాగితం చేతిలోకి తీసుకుంది. ఉత్తరం నిండా పైవాటా వాళ్ళ గొడవ, సున్నం రాలడం, తువ్వాళ్ళకి బూజు వాసన. తరవాత, మీరు మా కన్నతండ్రి లాంటివారు అని ఒక వాక్యం. ఆ కిందే, మనుషుల ప్రాణాలంటే మీకు లెక్క లేదా అని ఇంకో వాక్యం. చదువుతూ చదువుతూ ఆమె వేలు ఒకచోట ఆగింది.

"అప్పుడప్పుడు షాక్ కూడా కొడుతోంది అని రాశావు. కరెంటు షాకేనా?"

"మరింకేం షాకు? తడి చెయ్యి తగిల్తే జివ్వుమంటుంది."

"ఇది ఆయనకి చెప్పారా?"

"మొదటే రాశాను. రంగులు వేయిస్తానన్నాడు మహానుభావుడు. చూడు." ఫోన్ తీసి, ముందుకి జరిపింది.

చిన్నకోడలు తెలుగు కాదు, దాని కింద ఫోన్ తర్జుమా చేసిన ఇంగ్లీషు చదివింది. మళ్ళీ చదివింది.

"అక్కా, ఇందులో కరెంటన్న మాటే లేదు. గోడ షాకింగ్‌గా ఉంది అని పోయింది. ఇంగ్లీషులో దానర్థం, చూస్తేనే బాధేసేంత అసహ్యంగా ఉందని. సర్దుకుంటున్నాం అన్నావు, ఇబ్బందేం లేదనుకున్నాడు. వీలు చూసుకుని అన్నావు, సరే వీలైనప్పుడు అనుకున్నాడు. అందుకే రంగులు."

పెద్దకోడలు ఫోన్ వెనక్కి లాక్కుని ఆ ఇంగ్లీషు వంక చూసింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్నది తను పంపని మాటకి జవాబునా?

"ఉత్తరం సంగతి తరవాత," అంది చిన్నకోడలు. "తడి గోడలో కరెంటు ఆడుతోంది. ఇంట్లో ఎవరున్నారిప్పుడు?"

"అత్తయ్య."

"స్నానమెప్పుడు చేస్తారు?"

పెద్దకోడలు క్యాంటీన్ గడియారం వంక చూసింది. ముసలావిడ మధ్యాహ్నం కాస్త ఎండెక్కాకే స్నానానికి లేస్తుంది. ఆమె వెంటనే అత్తగారికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అత్తగారు ఫోన్ వంటింటి కిటికీలో పెట్టి మర్చిపోవడం మామూలే. మామూలప్పుడు ఆ సంగతికి నవ్వొచ్చేది. భర్త ఫోన్ బస్సు నడిపేటప్పుడు సంచిలో ఉంటుంది, ఎత్తడు. పైవాటా అతని నంబరు వీళ్ళ దగ్గర లేదు.

ఇద్దరూ ఆసుపత్రి వాకిట్లో టాక్సీ ఎక్కారు. చిన్నకోడలు ఇంటాయనకి ఫోన్ చేసింది. ఎత్తకపోతే కబురు వదిలింది. తరవాత కరెంటు ఆఫీసు వాళ్ళ అత్యవసర నంబరుకి చేసింది. అవతల ఎవరో అడుగుతున్నారు, ఈమె ఇంగ్లీషులో జవాబు చెబుతోంది, ఆపి ఆపి పక్కకి తిరిగి తెలుగులో అంటోంది.

"మెయిన్ స్విచ్ ఎక్కడుందని అడుగుతున్నారు."

"వీధి తలుపు పక్కన. చెప్పుల అలమర పైన."

"పొడి చేత్తో ముందు అది తీసెయ్యమంటున్నారు. అది తీసేదాకా బాత్రూమ్‌లోకి అడుగు పెట్టొద్దు. లోపల మనిషి పడి ఉన్నా సరే, ముట్టుకోవద్దు. ముందు స్విచ్చే."

లోపల మనిషి పడి ఉన్నా సరే. ఆ మాట కూడా వదలకుండా చెప్పేసింది. పెద్దకోడలు తోడికోడలి వంక తిరిగి చూసింది. కోపం రాలేదు. ఆ మాట వినకపోయి ఉంటే తను తిన్నగా బాత్రూమ్‌లోకే పరిగెత్తి ఉండేదని తెలిసింది. చేతులు చీరకి మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. దారంతా తుడుచుకుంటూనే ఉంది.

సిగ్నల్ దగ్గర టాక్సీ ఆగింది. టాక్సీవాడు అద్దంలోంచి వీళ్ళ మొహాలు చూసి, ఏమీ అడగకుండా పక్క సందులోకి తిప్పాడు.

వీధి తలుపు తీసేసరికి నీళ్ళ చప్పుడు వినిపించింది. బాత్రూమ్ తలుపు వేసి ఉంది. పెద్దకోడలు అటు చూడకుండా చెప్పుల అలమర మీదకి చెయ్యి చాచి మెయిన్ స్విచ్ కిందకి లాగింది. ఇంట్లో ఫ్రిజ్ మూలుగు ఆగింది. ఫ్యాను నెమ్మదించింది. నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి.

"అత్తయ్యా."

జవాబు లేదు.

"అత్తయ్యా," అని చిన్నకోడలు గట్టిగా పిలిచింది.

"ఎవరే లైటు తీసింది?" లోపలినించి అత్తగారి గొంతు. "కళ్ళల్లో సబ్బుంది. ఇంట్లో ఎవరూ లేరని హాయిగా నీళ్ళు పోసుకుంటుంటే ఏంటీ గోల?"

పెద్దకోడలు స్విచ్ మీద పెట్టిన చెయ్యి అప్పుడు తీసింది. చిన్నకోడలు గోడకి ఆనుకోబోయి, గోడ వంక చూసి, నిటారుగా నిలబడింది.

తరవాత తెలిసిన సంగతి ఇంకా గుండె ఆగేలా ఉంది. ముసలావిడకి వారం రోజులుగా జివ్వుమంటూనే ఉంది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని, కొళాయికి మడతపెట్టిన పొడిగుడ్డ చుట్టి తిప్పుతోంది.

"చెప్పొద్దూ మరి?" అంది పెద్దకోడలు.

"చెప్తే ఇల్లు మారదామంటారు. మళ్ళీ మెట్ల కొంపలో పడేస్తారు నన్ను," అంది ముసలావిడ తల తుడుచుకుంటూ. "గుడ్డ పట్టుకుంటే కొళాయి ఏమీ అనట్లేదు కదా."

"గుడ్డ తడిస్తే?" అంది చిన్నకోడలు.

ముసలావిడ తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు.

సాయంత్రం కాకముందే కరెంటు ఆఫీసు మనిషి వచ్చాడు. మెయిన్ స్విచ్ ఒకసారి వేసి, మీటరు లాంటిదేదో కొళాయికి ఆనించి చూసి, పెదవి విరిచాడు. బాత్రూమ్‌కి వెళ్ళే తీగ వరకు విడదీసి, మిగతా ఇంటికి కరెంటిచ్చాడు. గోడలోపల తీగల అతుకు తడిసిందని, దాన్ని ఇంటాయనే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత బాగుచేయించాలని, అప్పటిదాకా ఎవరూ తిరిగి కలపకూడదని చెప్పి, అదే కాగితం మీద రాసిచ్చి వెళ్ళాడు.

అప్పుడు ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్దకోడలు పాత కాగితం పక్కన పరిచి, కొత్త కాగితం తీసింది.

"నువ్వే బాగా మార్చి రాసెయ్. నీకు తెలుసుగా ఎట్లా రాయాలో."

"మార్చను. ఉత్తరం నీది, సంతకం నీది. రేపు ఆయన ఏమన్నా అడిగితే జవాబు చెప్పుకోవలసింది నువ్వు. నువ్వు తెలుగులో ఏది రాస్తే అది ఇంగ్లీషులో పెడతాను. ఎక్కడ వేరే అర్థం వస్తుందో మాత్రం చెప్తాను."

"సరే. ప్రాణాలంటే లెక్క లేదా అన్నది ఉంచాలి."

"ఉంచమంటే ఉంచుతాను. కానీ ఆయన జవాబు దానికే ఇస్తాడు. గోడకి ఇవ్వడు."

పెద్దకోడలు ఆలోచించింది. కొట్టేసింది. కన్నతండ్రి వాక్యం తనే కొట్టేసింది.

"దయచేసి బాగు చేయించగలరు. ఇది మర్యాదే కదా?"

"మనకి మర్యాదే. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే, బాగుచేయించే శక్తి మీకుంది అన్నట్టుంటుంది. నువ్వడుగుతున్నావా, పొగుడుతున్నావా?"

పెద్దకోడలికి నవ్వు రాబోయి ఆగింది. "అడుగుతున్నా. ఎప్పటిలోగానో కూడా అడుగుతున్నా."

"అయితే అదే రాయి. తీగలకి వేరే తారీకు, నీళ్ళకి వేరే తారీకు. తీగలు ఆగవు. పైవాటా పైపు విప్పాలంటే ఆయనకీ కొంత టైము పడుతుంది."

పెద్దకోడలు కొలత తీసుకుని గుడ్డ కత్తిరించినట్టు రాయడం మొదలుపెట్టింది. ఏ గది, ఏ గోడ, మరక ఎప్పుడు మొదలైంది, షాక్ ఎప్పటినుంచి తగులుతోంది, కరెంటు ఆఫీసు మనిషి ఏం చెప్పాడు. ఇంట్లో కర్రతో నడిచే పెద్దావిడ ఉంది. రేపటిలోగా ఎలక్ట్రీషియన్‌ని, వారంలోగా పైప్ పని మనిషిని పంపమని కోరుతున్నాం. పని చేసేవాళ్ళకి తలుపు తీయడానికి ఏ వేళైనా ఒకరం ఇంట్లో ఉంటాం. అద్దె ఎప్పటిలాగే కడుతున్నాం. ఆ తారీకులోగా మీనుంచి జవాబు రాకపోతే ఊళ్ళో అద్దెయిళ్ళ ఫిర్యాదులు చూసే ఆఫీసు సలహా తీసుకుంటాం.

"చివరిది బెదిరింపా?" అంది.

"కాదు. ఏం చేస్తావో చెప్పడం. నిజంగా చేస్తావా?"

"చేస్తా."

"అయితే ఉండనీ."

చిన్నకోడలు కలం తీసుకోబోయి ఆగింది. "మొదటి కబురు సంగతి రాయవా? ఆయనకి కరెంటు గురించి తెలీదు కదా."

"అంటే తప్పు నాదని ఒప్పుకోవాలా?"

చిన్నకోడలు కాగితం ఆమె వైపు జరిపింది. బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. పెద్దకోడలు కిటికీలోంచి వీధి వంక చూసింది. ఆయన తెలిసి కూడా రంగులన్నాడని రాస్తే తనకి ఎంతో బలంగా ఉంటుంది. కానీ అది అబద్ధం. కాగితం మీదికి వంగి, ఒక వాక్యం మొదట్లోనే చేర్చింది: "నా ఇంతకుముందు కబురు ఇంగ్లీషులోకి సరిగా రాలేదు. నేను చెప్పింది కరెంటు షాక్ గురించి."

చిన్నకోడలు అదంతా ఇంగ్లీషులో రాసి, ఒక్కో వాక్యం మళ్ళీ తెలుగులో చదివి వినిపించింది. పెద్దకోడలు ప్రతిదానికీ తలూపాకే సంతకం పెట్టింది. గోడ ఫోటోలు, కరెంటు ఆఫీసు కాగితం జతచేసి ఫోన్లో పంపారు. అసలు ఉత్తరం పోస్టాఫీసులో రశీదుతో పంపి, నకలు దాచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఇంటాయన వచ్చాడు. ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకునే వచ్చాడు గానీ మొహం ముడుచుకుని ఉంది. చిన్నకోడలు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తానని చెప్పి ఉండిపోయింది. డ్రైవరు డ్యూటీకి పోలేదు. ముసలావిడ కుర్చీలో కూర్చుంది.

ఇంటాయన మాట్లాడాడు. చిన్నకోడలు చెప్పింది, ఎత్తూ పల్లం లేని గొంతుతో. "నన్నడక్కుండా కరెంటు ఆఫీసు వాళ్ళని పిలిచారు. నాకు చెడ్డపేరు వస్తుంది అంటున్నారు."

"ముందు మీకే ఫోన్ చేశాం, మీరు ఎత్తలేదని చెప్పు."

చెప్పింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. తరవాత అన్నమాటకి చిన్నకోడలు అత్తగారి వంక చూసి, పెద్దకోడలి వైపు తిరిగింది.

"ఈ ఇల్లు మీకు ఇబ్బందిగా ఉంటే గడువు దాకా ఉండక్కర్లేదు, ముందే ఖాళీ చెయ్యొచ్చు, అడ్డుపడను, అంటున్నారు."

ముసలావిడ చెయ్యి కుర్చీ మీద బిగుసుకుంది. డ్రైవరు ఏదో అనబోయాడు. పెద్దకోడలు చెయ్యెత్తి ఆపింది. రాత్రంతా ఆమె భయపడింది ఈ మాటకే. మెత్తగా చెప్పించుకుని ఉంటే దానికి జవాబిచ్చే వీలుండేది కాదు.

"ఇల్లు మాకు ఇబ్బంది కాదు. గోడ ప్రమాదం. రెండూ వేరు. మేము ఖాళీ చెయ్యం, బాగుచేయించమని అడుగుతున్నాం. ఇదే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు."

చిన్నకోడలు అంతే చెప్పింది.

ఆయన మళ్ళీ మొదలుపెట్టేలోగా ఎలక్ట్రీషియన్ లోపలినించి పిలిచాడు. గోడ పగలగొట్టాడు. లోపల తీగల అతుకు నల్లగా మాడి, చుట్టూ ఇటుక తడిసి మెత్తబడి ఉంది. అతను ఇంటాయనతో తక్కువ మాటలే అన్నాడు. ఎవరూ తర్జుమా అడగలేదు. ఇంటాయన చాలాసేపు ఆ కన్నం ముందు నిలబడ్డాడు. ప్లాస్టిక్ స్టూలు చూశాడు, కొళాయికి ఇంకా చుట్టి ఉన్న గుడ్డ చూశాడు. బయటికొచ్చి ముసలావిడ ముందు ఆగి, నెమ్మదిగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?" అంది ముసలావిడ.

"మీ కబురు చదివి గోడ అందంగా లేదన్నారనుకున్నారట. కరెంటని ముందే తెలిస్తే ఆ రోజే వచ్చి ఉండేవారట. రెండోసారి అడిగి తెలుసుకోవాల్సింది, అడగలేదు, క్షమించమంటున్నారు."

ముసలావిడ ఆయన్ని కిందనించి పైదాకా చూసింది. "సరేలే. పైవాడి నీళ్ళు కూడా ఆపించమను."

తీగలు ఆ రోజే మార్చారు. పైవాటా పైపు వారం లోపు బాగైంది. పగలగొట్టిన గోడ మాత్రం పూడ్చకుండా నెల దాటింది. ఇంటాయన మంచివాడే కానీ మరుపెక్కువ. పెద్దకోడలు మళ్ళీ కాగితం తీసింది. ఈసారి రాసింది నాలుగు వాక్యాలే. ఫోటో తీసి తోడికోడలికి పంపి, ఎక్కడన్నా వేరే అర్థం వస్తుందేమో చూడమంది.

చిన్నకోడలు వెంటనే ఫోన్ చేసింది.

"ఏమీ రావట్లేదు అక్కా. రాసినట్టే పెట్టేస్తాను. ఆదివారం మీ మరిదీ నేనూ వస్తున్నాం. అత్తయ్యకి ఇంకాస్త ఎత్తు స్టూలు కొన్నాను."

"భోజనానికి వచ్చెయ్యండి," అంది పెద్దకోడలు. నోట్లో గుండుసూదులుండడంతో ఆ మాట సరిగా పలకలేదు. సూదులు తీసి, మళ్ళీ చెప్పింది.